గుడ్‌విల్‌కు తరుగుదల: వచ్చిన దారి, పోయిన దారి

ఒక వ్యాపారాన్ని 100 కోట్లకు కొన్నారనుకుందాం. అప్పులు పోను భవనాలు, యంత్రాలు, సరుకు, రావలసిన బాకీలు కలిపితే 60 కోట్లే తేలాయి. మిగతా 40 కోట్లు పాత ఖాతాదారులకు, పేరుకు, నడుస్తున్న బేరానికి ఇచ్చిన ధర. ఖాతా పుస్తకాల్లో అదే గుడ్‌విల్. యంత్రానికి తీసినట్టే దీనికీ ఏటా తరుగుదల తీసి, పన్ను పడే లాభాన్ని తగ్గించుకోవచ్చా? మన దేశంలో ఈ ప్రశ్న రెండు దశాబ్దాలకు పైగా నలిగింది.

కంటికి కనిపించని ఆస్తులను ఆదాయపు పన్ను చట్టం తరుగుదల పరిధిలోకి తెచ్చింది 1998లో. పేటెంట్లు, కాపీరైట్లు, ట్రేడ్‌మార్కులు, లైసెన్సులు, ఫ్రాంచైజీలు అంటూ వరస చెప్పి, చివర 'అలాంటి ఇతర వ్యాపార హక్కులు' అని చేర్చారు. రేటు 25 శాతం. గుడ్‌విల్ పేరు మాత్రం ఎక్కడా లేదు. లేదు కాబట్టి ఇవ్వబోమని అధికారులు, ఆ చివరి మాటల్లో ఉందని కంపెనీలు వాదించుకున్నారు.

స్మిఫ్స్ సెక్యూరిటీస్ కేసులో సుప్రీంకోర్టు 2012 ఆగస్టులో ఈ చిక్కు విప్పింది. ఆ కంపెనీలో మరో షేర్ల కంపెనీ విలీనమైంది. వచ్చిన నికర ఆస్తుల విలువ కంటే ఎక్కువగా చెల్లించిన మొత్తాన్ని గుడ్‌విల్‌గా రాసుకున్నారు. అది కూడా తరుగుదలకు తగిన ఆస్తేనని కోర్టు తేల్చింది.

దాని ఫలితం మన ఉదాహరణలో చూడండి. మొదటి ఏడాది 40 కోట్లలో నాలుగో వంతు, అంటే 10 కోట్లు లాభంలోంచి పోతుంది. 30 శాతం పన్ను రేటుకు 3 కోట్ల పన్ను మిగిలినట్టే. రెండో ఏడాది మిగిలిన 30 కోట్ల మీద ఏడున్నర కోట్లు. ఇలా ఏటా తగ్గుతూ పోతుంది. కొన్న ఏడాది ఆ ఆస్తిని 180 రోజుల కంటే తక్కువ వాడితే ఆ ఏటికి సగమే. అసలు వ్యాపారాన్ని కాక కంపెనీ షేర్లు కొంటే ఇదేమీ రాదు. షేర్లకు తరుగుదల లేదు మరి.

ఒకే గ్రూపు కంపెనీల విలీనాలతో పేచీ మొదలైంది. నగదు కదలకుండా, కొత్త షేర్లు జారీచేసి, వాటి విలువను పెంచి చూపితే చాలు, గుడ్‌విల్ పుట్టుకొచ్చేది. విలీనమైన కంపెనీకి ఎంత తరుగుదల దక్కేదో అంతకు మించి ఇవ్వకూడదన్న నిబంధనను అధికారులు దీనికి అడ్డం పెట్టారు.

చివరకు 2021 ఫైనాన్స్ చట్టం తలుపు మూసేసింది. 2020–21 ఆర్థిక సంవత్సరం నుంచే గుడ్‌విల్‌కు తరుగుదల లేదు. అప్పటికే నిజంగా డబ్బు పోసి కొన్నవారికీ మిగిలిన మొత్తం మీద ఆగిపోయింది. నా దృష్టిలో ఇది అన్యాయం. కాగితం మీద పుట్టిన గుడ్‌విల్‌ను, బయటివారి నుంచి రొక్కం ఇచ్చి కొన్నదాన్ని ఒకే గాటన కట్టకుండా ఉండాల్సింది. అయితే కొన్న ధర పూర్తిగా వృథా కాదు. ఎప్పుడైనా అమ్మితే, అంతవరకు తీసుకున్న తరుగుదల పోను మిగిలినదాన్ని ఖర్చుగా చూపొచ్చు.

ట్రేడ్‌మార్కులకు, లైసెన్సులకు తరుగుదల ఇప్పటికీ ఉంది. అందుకే కొనుగోలు ధరలో వాటి వాటా ఎంతన్నదే ఇప్పుడు అసలు తగాదా. బ్రాండుకు 25 కోట్లని వాల్యూయర్ రాస్తే సరిపోదు. రిజిస్ట్రేషన్ పత్రం, అమ్మకపు ఒప్పందంలో దాని ప్రస్తావన, ఆ బ్రాండు మీద వచ్చిన అమ్మకాల లెక్క చూపాలి. అవి లేకపోతే అధికారి దాన్ని గుడ్‌విల్ కిందికి తోసేసి, తరుగుదల కొట్టేసే వీలుంది.