యాక్సిడెంట్ చిన్నదే.. గాయాలు లేవు.. కానీ ఆ పది నిమిషాలే కీలకం! ఫొటోలు ఎలా తీయాలి? ఏ వివరాలు తీసుకోవాలి?

హైదరాబాద్-వరంగల్ 163వ జాతీయ రహదారిపై భువనగిరి దాటగానే రాయగిరి వస్తుంది. యాదగిరిగుట్టకు వెళ్లే వాహనాలు ఇక్కడే మళ్లుతాయి. ముందున్న వాహనం స్లో అయితే వెనకాల వచ్చే కారు తగలడానికి అర సెకను చాలు.

ఒక ఉదాహరణ చూద్దాం. రాయగిరి దగ్గర ముందు కారు బ్రేక్ వేసింది, వెనక కారు వచ్చి బంపర్‌కు తగిలింది. ఎవరికీ దెబ్బల్లేవు. వెనక కారాయన దిగి "అన్నా, తప్పైంది, ఈ వెయ్యి తీస్కో" అన్నాడు. ముందు కారాయన తీసుకుని వెళ్లిపోయాడు. మరుసటి రోజు మెకానిక్ బంపర్ విప్పితే లోపల క్లిప్పులు విరిగి ఉన్నాయి. బిల్లు రూ. 4,500 అయింది. అవతలి వ్యక్తి పేరు, బండి నంబర్ ఏదీ ఈయన దగ్గర లేదు. మరి అక్కడ ఏం చేసి ఉండాల్సింది?

ముందు మనుషులు.. తర్వాతే ఫొటోలు

ఇంజిన్ ఆపి, హజార్డ్ లైట్లు వేయాలి. పిల్లలు, పెద్దవాళ్లను రోడ్డు పక్కకు పంపాలి. వాహనాలు వేగంగా వస్తున్న చోట రోడ్డు మధ్యలో నిలబడి ఫొటోలు తీయొద్దు. పక్క నుంచి ఒకట్రెండు తీసి, బండ్లను ఓరకు పెట్టాలి. సాయం కావాలంటే హైవే హెల్ప్‌లైన్ 1033, పోలీసుల కోసం 112.

దగ్గరి ఫొటో ఒక్కటే సరిపోదు

చాలామంది గీతను మాత్రమే దగ్గరి నుంచి తీస్తారు. అది ఏ బండిదో, ఎక్కడ జరిగిందో ఆ ఫొటోలో తెలియదు. అందుకే మొదటి ఫొటో దూరం నుంచి తీయాలి. రెండు బండ్లు, లేన్ గీతలు, పక్కన ఉన్న బోర్డు లేదా కిలోమీటరు రాయి అందులో కనిపించాలి. ఎవరు ఎవరిని ఢీకొట్టారో చెప్పేది ఈ ఫొటోనే కాబట్టి, వీలైతే బండ్లు కదిపే ముందే తీయాలి. రెండో ఫొటోలో నంబర్ ప్లేట్, డ్యామేజీ ఒకే ఫ్రేమ్‌లో రావాలి. మూడోది డ్యామేజీ క్లోజప్. అవతలి బండివి కూడా ఇలాగే తీయాలి. పాత గీతలను ఈ ప్రమాదం ఖాతాలో వేయకుండా అవి పనికొస్తాయి.

పేరు, అడ్రస్ అడగడం మీ హక్కు

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 132 ప్రకారం, ప్రమాదం వల్ల నష్టపోయిన వ్యక్తి అడిగితే డ్రైవర్ తన పేరు, అడ్రస్‌తో పాటు బండి యజమాని వివరాలు చెప్పాలి. అడిగినవాళ్లు కూడా తమ పేరు, అడ్రస్ ఇవ్వాలి. ఫోన్ నంబర్ తీసుకుంటే అక్కడే రింగ్ ఇచ్చి చూడండి. లైసెన్స్, ఆర్సీ, ఇన్సూరెన్స్ పేపర్లను అడిగి ఫొటో తీసుకుంటే చాలు. మీ ఒరిజినల్స్ మాత్రం అవతలివారి చేతిలో పెట్టి వెళ్లొద్దు. ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబర్ కొడితే ఇన్సూరెన్స్ ఎప్పటివరకు ఉందో కనిపిస్తుంది.

అవతలివారు వివరాలు ఇవ్వకున్నా, గొడవకు దిగినా 112కు కాల్ చేయాలి. ఇతరుల ఆస్తికి నష్టం జరిగితే, పోలీసులు అక్కడ లేనప్పుడు డ్రైవర్ 24 గంటల్లోపు దగ్గర్లోని స్టేషన్‌లో చెప్పాలని సెక్షన్ 134 చెబుతోంది. గాయాలు లేకున్నా ఇది వర్తిస్తుంది.

క్లెయిమ్ చేయాలా? చేతి నుంచి పెట్టుకోవాలా?

పై ఉదాహరణలో బిల్లు రూ. 4,500. అందులో ప్లాస్టిక్ భాగాలు రూ. 3,000 అనుకుందాం. జీరో డిప్రిసియేషన్ లేని పాలసీలో ప్లాస్టిక్‌కు సగమే ఇస్తారు, అంటే రూ. 1,500 కోత. 1500 సీసీ లోపు కారుకు తప్పనిసరి మినహాయింపు మరో రూ. 1,000. చివరికి చేతికొచ్చేది రూ. 2,000.

ఇప్పుడు రెండో లెక్క. వరుసగా మూడేళ్లు క్లెయిమ్ లేకుంటే రెన్యువల్‌లో 35 శాతం నో క్లెయిమ్ బోనస్ వస్తుంది. సొంత డ్యామేజీ ప్రీమియం రూ. 8,000 అయితే అది రూ. 2,800. క్లెయిమ్ చేస్తే ఈ తగ్గింపు పోయి, బోనస్ మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. అంటే రూ. 2,000 కోసం రూ. 2,800 పోగొట్టుకున్నట్టే. బిల్లు పెద్దదైతే లెక్క మారుతుంది. అందుకే ముందు గ్యారేజీలో ఎస్టిమేట్ వేయించాలి. క్లెయిమ్ చేసే ఆలోచన ఉంటే కంపెనీకి వెంటనే సమాచారం ఇవ్వాలి, సర్వేయర్ చూసేదాకా రిపేర్ మొదలుపెట్టొద్దు. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే సొంత బండి డ్యామేజీకి మీ కంపెనీ నుంచి ఏమీ రాదు.

రోడ్డు మీద సెటిల్‌మెంట్.. ఈ రెండూ మరవొద్దు

ఎస్టిమేట్ రాకముందే "ఇక ఏమీ అడగను" అని రాసివ్వొద్దు. వివరాలు రాసుకుని, "గ్యారేజీలో చూపించి ఫోన్ చేస్తా" అంటే సరిపోతుంది. డబ్బు తీసుకుంటే యూపీఐలో తీసుకోవాలి, ఎవరు ఎంత ఇచ్చారో రికార్డు ఉంటుంది.

తప్పు మీ వైపు ఉన్నా "మొత్తం నేనే కట్టేస్తా" అని అక్కడికక్కడే మాట ఇవ్వొద్దు. కంపెనీ అనుమతి లేకుండా బాధ్యత ఒప్పుకోవద్దని, డబ్బు ఇస్తానని చెప్పొద్దని మోటారు పాలసీల్లోనే షరతు ఉంటుంది. తర్వాత క్లెయిమ్‌కు వెళ్తే ఆ మాటే అడ్డుపడొచ్చు.