తుపాకీ దించేసిన దీవి

పాత్ర కళ్లతోనే లోకాన్ని చూస్తూ, తుపాకీ పట్టుకుని సాగే గేముల్లోంచి ఆ తుపాకీని తీసేస్తే ఏం మిగులుతుంది? ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మౌత్ విశ్వవిద్యాలయంలో అప్పట్లో పనిచేస్తున్న పరిశోధకుడు డాన్ పించ్‌బెక్ వేసుకున్న ప్రశ్న ఇది. శత్రువుల్లేకుండా, పాయింట్లు లేకుండా, తాళంచెవుల వెతుకులాట లేకుండా మనిషి గంటన్నర సేపు ముందుకు నడుస్తాడా? జవాబు కోసం ఆయన బృందం ది చైనీస్ రూమ్, 'హాఫ్-లైఫ్ 2' అనే షూటింగ్ గేమ్ సాంకేతికతనే వాడుకుని 2008లో ఒక చిన్న గేమ్‌ను ఉచితంగా విడుదల చేసింది. దాని పేరు 'డియర్ ఎస్తర్'.

ప్రకృతి దృశ్యాలే ప్రాణంగా ఉన్న గేములు అంతకుముందు లేవని కాదు. 1993లో మిల్లర్ సోదరులు తయారుచేసిన 'మిస్ట్' కూడా నిర్మానుష్యమైన దీవే. ఒక నిశ్చల చిత్రం మీద క్లిక్ చేస్తే ఇంకో చిత్రం వచ్చేది. కాని అక్కడ ప్రతి అందమూ ఒక చిక్కుముడి వెనక ఉండేది. మీటలు ఏ వరసలో తిప్పాలో తెలియకపోతే తరవాతి లోకం కనపడదు. 'డియర్ ఎస్తర్' ఆ తాళాన్ని తీసేసింది. స్కాట్లండ్ పడమటి తీరంలోని హెబ్రిడీస్ దీవుల్లో ఒకటి అనుకోదగిన చోట, పాడుబడ్డ దీపస్తంభం దగ్గర మనల్ని దించుతుంది. పరుగెత్తలేం, దూకలేం, ఏ వస్తువునూ తీసుకోలేం. నడవడం, చూడటం, వినడం అంతే. కథకుడు ఎస్తర్ అనే ఆమెకు రాసిన ఉత్తరాల ముక్కలు మధ్యమధ్య వినిపిస్తాయి. వాటిలో కొన్నింటిని కంప్యూటర్ అప్పటికప్పుడు ఎంచుతుంది కాబట్టి రెండోసారి నడిచినప్పుడు కథ కొంత మారుతుంది. సముద్రంలోకి వెళ్లిపోతే మునిగిపోతాం, వెనక్కి రమ్మనే గుసగుస వినిపిస్తుంది, మళ్లీ ఒడ్డున ఉంటాం. అంతకు మించి శిక్ష లేదు.

ఆ తొలి దీవి అందమైనదేమీ కాదు, మోటుగా ఉండేది. దాన్ని ఇవాళ మనకు తెలిసిన దృశ్యంగా మలచినవాడు రాబర్ట్ బ్రిస్కో. 'మిర్రర్స్ ఎడ్జ్' గేముకు పరిసరాలు తీర్చిన చిత్రకారుడాయన. గాలికి వంగే గడ్డి, తడి రాళ్లు, కొండచరియల మీద మెరిసే రంగుతో గీసిన రసాయన పటాలు, గుహల్లో నీలికాంతి, అన్నీ ఆయన కొత్తగా కట్టాడు. జెస్సికా కరీ సంగీతం కూర్చింది. 2012 ఫిబ్రవరి 14న ఈ కొత్త రూపం అమ్మకానికొచ్చింది. తొలి 24 గంటల్లో 16,000కు పైగా ప్రతులు అమ్ముడుపోయి, పెట్టుబడి పెట్టిన ఇండీ ఫండ్ సొమ్ము ఆరు గంటలు తిరక్కుండానే వెనక్కి వచ్చింది. ఇది అసలు గేమే కాదని వాదించినవాళ్లు ఎందరో. వాకింగ్ సిమ్యులేటర్ అన్న పేరు అలాంటి వెక్కిరింపుగానే ఊపందుకుంది. పించ్‌బెక్ ప్రశ్నకు మాత్రం జవాబు దొరికింది. నడుస్తారు.

కెమెరా అభిమానిగా ఈ చరిత్రలో నాకు ముఖ్యమనిపించేది ఒకటుంది. ఇలాంటి ప్రతి గేములోనూ, వెలుగు దేన్ని బట్టి మారుతుందో ముందు కనిపెట్టాలి. బయట మనం సాయంత్రం కోసం కాచుకుంటాం. 'డియర్ ఎస్తర్'లో కాచుకుని లాభం లేదు. అప్పటి కంప్యూటర్లు తట్టుకోవాలి కాబట్టి ఏ రాయి మీద ఎంత వెలుగు, ఎక్కడ నీడ అన్నది తయారీలోనే లెక్కగట్టి దృశ్యానికి అద్దేశారు. సూర్యుడు కదలడు, మనం కదలాలి. రేవు దగ్గర మబ్బు పట్టిన వెలుతురు, గుహల్లో నీలం, చివరి దారిలో వెన్నెలా కొవ్వొత్తులూ. కాలం దూరంగా మారి దారి పొడవునా పరిచి ఉందన్నమాట. మొదటి నుంచీ దూరాన కొండ మీది రేడియో స్తంభంపై ఎర్రదీపం మిణుకుమంటూ ఉంటుంది. దారి చూపేది అదే, ఫ్రేములో కంటిని పట్టి నిలిపే బిందువూ అదే. గుహల్లోకి ఒకచోట పడిపోయాక పైకి దారి ఉండదు. అందుకే ఒడ్డు మీది చిత్రాలన్నీ దిగకముందే తీసుకోవాలి.

2016లో వచ్చిన 'ఫైర్‌వాచ్'లో వెలుగు కథను బట్టి మారుతుంది. 1989 వేసవి, అమెరికాలోని వయోమింగ్ అడవి, కార్చిచ్చు పుడితే కబురు పంపడానికి ఎత్తైన మంచె మీద హెన్రీ అనే కాపలాదారు. కథ ఒక రోజు నుంచి మరో రోజుకు దూకినప్పుడల్లా ఆకాశం రంగు మారుతుంది. అడిగిన పని పూర్తిచేస్తే ఆ వెలుగు పోయినట్టే, కాబట్టి ముందు చిత్రాలు తీసి తరవాత పని ముగించండి. ఆలీ మాస్ గీసిన పోస్టర్ల తరహా రంగులను జేన్ ఎంగ్ అడవిగా నిలబెట్టింది. దూరం పెరిగే కొద్దీ మంచు పొర రంగు మారుతూ, దగ్గరి చెట్లు నల్లగా, మధ్య కొండలు నారింజగా, చివరి కొండలు లేతగా విడివిడి వరసల్లో నిలుస్తాయి. ఈ గేములో వరసలు చిక్కితేనే చిత్రం. కాబట్టి లోయలోంచి కాక ఎత్తుమీంచి, మూడు దూరాలూ కలిసే చోటు వెతకాలి. అడవిలో ఒక వాడి పారేసే కెమెరా దొరుకుతుంది, అందులో రీలు పరిమితమే. దానితో తీసిన ఫొటోలు ముగింపులో తెర మీదికి వస్తాయి. విడుదలైన కొత్తలో కంప్యూటర్ ఆటగాళ్లు డబ్బు కట్టి వాటి ప్రింట్లు తపాలాలో తెప్పించుకునే వీలు కూడా ఉండేది. తరవాత చేర్చిన స్వేచ్ఛా సంచార విధానంలో కథ అడ్డు లేకుండా, పగలూ రాత్రీ తిరుగుతుండగా అదే అడవిలో తిరగొచ్చు.

ఎడ్ కీ, డేవిడ్ కనాగా చేసిన 'ప్రోటియస్'లో వెలుగు గడియారాన్ని బట్టే నడుస్తుంది. అక్కడ మాత్రం కాచుకోవాల్సిందే. తీసిన చిత్రంలోనే ఆ గేములోని దీవి వివరాలు దాగి ఉంటాయి, దాన్ని తెరిస్తే మళ్లీ అదే చోటికి వెళ్లొచ్చు. ఫొటో అనేదానికి ఇంతకన్నా మంచి ఉపయోగం నేను ఏ గేములోనూ చూడలేదు.

ఇక చిత్రం తీసే పద్ధతి. స్టీమ్‌లో F12 నొక్కితే తెర చిత్రం పడుతుంది. అది మామూలుగా కుదించిన జేపెగ్‌గా నిలవ ఉంటుంది కాబట్టి సాయంత్రపు ఆకాశంలో రంగులు మెట్లు మెట్లుగా విరుగుతాయి. సెట్టింగుల్లో కుదించని ప్రతిని కూడా దాచమని చెబితే ఆ తేడా తెలుస్తుంది. చూపు కోణం మార్చే వీలుంటే దాన్ని లెన్సులా వాడండి. అడ్డంగా 90 డిగ్రీలు ఫుల్‌ఫ్రేమ్ కెమెరా మీద 18 ఎంఎం లెన్సుతో సమానం. అందుకే కొండలు చిన్నబోయి, అంచుల్లో చెట్లు సాగినట్టు కనిపిస్తాయి. 54 డిగ్రీలకు తగ్గిస్తే 35 ఎంఎం, 40కి తగ్గిస్తే 50 ఎంఎం చూపు వస్తుంది. కాని ఆ ఇరుకు కోణంలో నడిస్తే చాలామందికి కళ్లు తిరుగుతాయి. వెడల్పుగా పెట్టుకుని నడవండి, నిలబడ్డాక ఇరుకు చేయండి.

అందమైన దృశ్యాలున్న ప్రతిదీ ఈ కోవలోది కాదని కూడా చెప్పాలి. పోలండ్ బృందం 2014లో తెచ్చిన 'ది వానిషింగ్ ఆఫ్ ఈథన్ కార్టర్' నిజమైన రాళ్లను, గోడలను అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి, వాటినే లోకంగా మలచింది. రాతి మీది నాచు వరకూ చూసి తీరాల్సిన పనితనం. కాని అందులో చిక్కుముడులున్నాయి, గనిలో ఒక శవం వెంటపడుతుంది. సవాలు వద్దనుకునేవాళ్లు దాన్ని మొదట కొనకూడదు. 'ఫైర్‌వాచ్' ముందు ఆడండి, కథ అయిపోయాక కెమెరా కన్నుతో మళ్లీ నడవండి. 'డియర్ ఎస్తర్'ను గది దీపాలు ఆర్పి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఒకే రాత్రి మొదలుపెట్టి ముగించండి.