ముఠామేస్త్రి – పాళ్ల పంపకము

మేస్త్రి యను మాట పోర్చుగీసు భాషనుండి వచ్చినది. మన ప్రాంతమున ఆ మాటకు గల బరువంతయు వరికోతలలోనే తెలియును. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప గోదావరి డెల్టాలో వరిసాగు విస్తరించెను. చేలన్నియు ఒక్కమారుగా పండుటచే ఊరి కూలీలు చాలక, పొరుగు తావులనుండి జట్లు రాసాగెను. రైతుతో బేరమాడి, వచ్చినది పంచువాడే ముఠామేస్త్రి.

పూర్వము కూలి ధాన్యముగా ముట్టుచుండెను. కళ్లములో కుంచమును రాశిపోసి కొలిచిరా, అంచుకు సరిగా త్రోసి కొలిచిరా యన్నదే తగవు. ఎకరపు గుత్త వచ్చిన తరువాత ఆ తగవు కుంచమునుండి సెంట్లమీదికి మారినది. అయిదెకరముల యిరువది సెంట్ల చేనును అయిదెకరములని కోయించినచో, ఆ యిరువది సెంట్ల చెమట ఊరకనే పోయినట్లే. అందుచే తెలిసిన మేస్త్రి కొడవలి పట్టకముందే చేని విస్తీర్ణమును అడిగి, ముఠాలోని ఇద్దరి యెదుట గుత్త మాట్లాడును.

పంపకమునకు ఒక లెక్క చూతము. గుత్త అరువది రూపాయలు, పని మూడు దినములు. మేస్త్రితో కూడ ఎనమండుగురు మూడేసి దినములు కోసిరి. అవి ఇరువదినాలుగు పాళ్లు. జ్వరముచే ఒకనాడు మానిన వానికి రెండు. అరపాలు చొప్పున ఇద్దరు కుఱ్ఱలకు మూడు. మేస్త్రిగిరికి అదనముగా ఒకటి. వెరసి ముప్పది, పాలు రెండు రూపాయలు. మేస్త్రికి ఎనిమిది, తక్కిన ఏడుగురికి ఆరేసి, జ్వరగ్రస్తునికి నాలుగు, కుఱ్ఱలకు మూడేసి.

చిక్కంతయు బయానాతో వచ్చును. ముగ్గురు నాలుగేసి రూపాయలు ముందే తీసికొనిరనుకొందము. పని ముగియగా రైతు ఇచ్చునది నలుబదియెనిమిదియే. దానినే ముప్పది పాళ్లు చేసినచో పాలు రూపాయి అరువది పైసలకు దిగి, బయానా ముట్టనివాడు ఆ ముగ్గురి యప్పును తీర్చినట్లగును. ముందు పండ్రెండును కలిపి అరువది చేసి, పాళ్లు కట్టి, పిమ్మట ఆ ముగ్గురి వంతులలో నాలుగేసి తగ్గింపవలెను. క్రమము తప్పిన లెక్కలో దొంగతనము లేకున్నను అన్యాయము కలదు.

మేస్త్రి అదనపు పాలును ముఠా ఎఱిగియుండినంతవరకు ఎవరును నొచ్చుకొనరు. అది గుత్త దాచుటగా మారినపుడే చెడును. రంగూను రేవునకు పోయిన తెలుగు కూలీలకు కలిగినది ఇదియే: కూలి మేస్త్రీల అంచెలు దాటివచ్చుటచే, అసలు బేరమెంతో మోతగాని కెఱుకపడదయ్యెను. దానికి తోడు మేస్త్రి యిచ్చిన బయానాయే వానిని కట్టివేసెను.

ఆడువారి పాలు వేఱొక సంగతి. మగవానితో సమముగా కోసినను దినకూలి తక్కువగా నిచ్చు ఆచారము చిరకాలము సాగినది. 1976లో సమాన వేతన చట్టము వచ్చినను అది చేలగట్లవఱకు చేరుటకు చాల జాగు పట్టెను. గుత్తపనిలో మాత్రము ఈ భేదమునకు సాకు లేదు; రైతు ఇచ్చునది ఎకరమునకే గాని మనిషికి గాదు. ఆమెకు అరపాలు కట్టినచో మిగిలిన అరపాలు రైతునకు పోదు, ముఠాలోని మగవారి వంతులలోనే కలియును.