స్వాగత సందేశానికి అవసర స్పందనల లెక్కింపు

స్వాగత సందేశం అందుకున్నవారిలో ఎంతమంది తమ నిజమైన అవసరం చెబుతూ జవాబిచ్చారో లెక్కించి, ఆ సందేశం పనిచేసిందో లేదో తేల్చే కొలత ఇది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న 161 సేవలతో ప్రారంభించిన ‘మన మిత్ర’ లాంటి వాట్సాప్ సేవలకు ఇది బాగా నప్పుతుంది. ‘నమస్తే’, ‘ఓకే’ అన్న జవాబులు మర్యాదనే చూపుతాయి. ‘డయాలసిస్ పింఛను ఈ నెల పడలేదు’ అన్నది మాత్రం సందేశం చదివిన మనిషి సాయం అడగవచ్చని నమ్మినట్టు చెబుతుంది. ఉద్దానం ప్రాంతంలోని కవిటి మండలంలో 200 మందికి సందేశం పంపితే 70 మంది జవాబిచ్చి, వారిలో 14 మందే అవసరం చెప్పారనుకుంటే, ఫలితం 35 శాతం కాదు, 7 శాతం. ఒకే మనిషి మూడుసార్లు అడిగినా ఒక్కటిగానే లెక్క.

అవసరం ముందే ఉంది కనుక ఘనత సందేశానిది కాదన్న అభ్యంతరం సబబైనదే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక, ఉద్దానంలో ఎంత పేలవమైన పలకరింపుకైనా అవసరాలే జవాబుగా వచ్చి ఉండేవి. అందుకే ఒకే వారంలో, ఒకే మండలంలో, చీటీలు తీసి విడదీసిన రెండు గుంపులకు రెండు రకాల సందేశాలు పంపి పోల్చాలి. అప్పుడు కనిపించే తేడాను మాటల తీరుకు ఆపాదించవచ్చు. ఫోను లేనివారి అవసరాలు మాత్రం ఈ లెక్కకు అందవు.