చేతికొచ్చేదాకా చెక్కుచెదరని సొమ్ము

అప్పులు పెరిగి ఐపీ పెట్టిన ఉద్యోగి ఇల్లు వేలానికి వస్తుంది, జీతంలో కొంత భాగం జప్తు అవుతుంది, బ్యాంకు ఖాతా స్తంభించిపోతుంది. అదే మనిషి పేరు మీద ఉన్న ప్రావిడెంట్ ఫండును మాత్రం ఏ డిక్రీదారూ ముట్టుకోలేడు. ఈ ఏర్పాటు స్వతంత్ర భారతం తెచ్చిన సంక్షేమ చట్టాలతో పుట్టింది కాదు. వలస ప్రభుత్వం 1871లో పింఛన్ల చట్టం చేసినప్పుడే సర్కారు ఇచ్చే పింఛనును అప్పులవాళ్ల కోరికపై ఏ కోర్టూ జప్తు చేయరాదని రాసింది. 1897లో ప్రావిడెంట్ ఫండ్ల చట్టం వచ్చింది. దాని స్థానంలో వచ్చిన 1925 చట్టం ఈ రక్షణను పూర్తిగా బిగించింది. నూరేళ్లుగా కోర్టులు ఈ రక్షణను కాపాడుతూనే ఉన్నా, ఒక ప్రశ్న దగ్గర తడబడుతూ వచ్చాయి. చట్టం కాపాడుతున్నది ఆ డబ్బు ఉన్న చోటునా, లేక ఆ డబ్బు దేనికోసం కూడిందో ఆ అవసరాన్నా? అవసరాన్నే కాపాడాలన్నది ఈ వ్యాసం వాదన. సుప్రీంకోర్టు తీర్పుల నడక కూడా అటువైపే సాగింది. కానీ చట్టంలోని మాటలు అంత దూరం రాలేదు.

1925 చట్టం మూడో సెక్షన్ చూస్తే ఆనాటి ఆలోచన తెలుస్తుంది. ప్రభుత్వ, రైల్వే ప్రావిడెంట్ ఫండులోని నిర్బంధ డిపాజిట్‌ను ఎవరికీ రాసివ్వడానికి గాని, తాకట్టు పెట్టడానికి గాని వీల్లేదు. సివిల్, రెవెన్యూ, క్రిమినల్ కోర్టుల్లో ఏదీ చందాదారుడి అప్పు కోసం దాన్ని జప్తు చేయలేదు. అంతటితో ఆగకుండా దివాలా సంగతినీ అక్కడే తేల్చేశారు. మద్రాసు వంటి ప్రెసిడెన్సీ నగరాల్లో దివాలా ఆస్తిని చేతిలోకి తీసుకునే అఫీషియల్ అసైనీకి గాని, 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద జిల్లాల్లో నియమించే రిసీవరుకు గాని ఈ సొమ్ముపై హక్కు లేదన్నారు. బ్రిటిష్ ఏలుబడిలోని తెలుగు జిల్లాల్లో ఐపీలు నడిచింది ఈ 1920 చట్టం కిందే. సామాన్యుల దివాలాకు నేటికీ అదే ఆధారం. 2016లో వచ్చిన దివాలా స్మృతిలో వ్యక్తుల అధ్యాయం ఉన్నా, కంపెనీ అప్పులకు హామీ ఉన్నవారి విషయంలో తప్ప దాన్ని అమల్లోకి తేలేదు. 1952లో ప్రైవేటు ఉద్యోగుల కోసం చేసిన ఈపీఎఫ్ చట్టం పదో సెక్షన్‌లో దాదాపు ఇవే మాటలు మళ్లీ కనిపిస్తాయి. సభ్యుడు చనిపోతే నామినీకి దక్కే సొమ్ముకు ఆ సభ్యుడి బాకీలు అంటవని కూడా ఆ సెక్షనే చెబుతుంది.

నేరుగా జప్తు కుదరనప్పుడు అప్పులవాళ్లు పక్కదారి వెతికారు. కలకత్తాలో తపాలా శాఖ నుంచి రిటైరైన ఒక గుమాస్తా ప్రావిడెంట్ ఫండు విషయంలో, జప్తు కాకుండా రిసీవరును నియమించి ఆ సొమ్ము వసూలు చేయించాలని చూశారు. 1952లో ఆ కేసు సుప్రీంకోర్టుకు చేరింది. జప్తును నిషేధించిన చట్టాన్ని రిసీవరు రూపంలో దాటడం కుదరదని కోర్టు తేల్చింది. తర్వాత 1976లో జ్యోతి చిట్ ఫండ్ కేసు వచ్చింది. రిటైరైన ప్రభుత్వోద్యోగికి రావలసిన మొత్తాలను చిట్టీల కంపెనీ జప్తు చేయించబోయింది. రిటైరయ్యాక అది నిర్బంధ డిపాజిట్ ఎలా అవుతుందన్న సందేహానికి జస్టిస్ కృష్ణయ్యర్ 1925 చట్టంలోని నిర్వచనాన్నే జవాబుగా చూపారు. గడువు తీరిన తర్వాత ఫండులో మిగిలి ఉన్న సొమ్ము కూడా నిర్బంధ డిపాజిట్టేనని ఆ నిర్వచనం చెబుతుంది. కాబట్టి ఉద్యోగి చేతికి చేరేదాకా ఆ సొమ్ము స్వభావం మారదని తీర్పు వచ్చింది. ఉద్యోగికి మేలు చేయడానికే రాసిన మాట అది. కానీ ‘చేతికి చేరేదాకా’ అన్న హద్దే తర్వాత అప్పులవాళ్లకు ఆయుధమైంది.

ఆ హద్దు దగ్గర ఏం జరుగుతుందో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. ఒక ప్రభుత్వ ఉపాధ్యాయుడు బంధువు చిట్టీకి ష్యూరిటీ సంతకం పెట్టాడు. బంధువు కట్టలేదు. ఇద్దరి మీదా 8 లక్షల డిక్రీ వచ్చింది. జప్తు లెక్కలోకి వచ్చే ఆయన జీతం నెలకు 61,000 రూపాయలు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం మొదటి 1,000 రూపాయలు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు ఉద్యోగికే వదిలేయాలి. అంటే నెలకు 20,000 మాత్రమే జప్తు అవుతుంది. ఒకే డిక్రీ కింద మొత్తం 24 నెలలు అలా కోత పడ్డాక జీతం ఇక ముట్టరానిదవుతుంది. డిక్రీదారుకు 4 లక్షల 80 వేలు ముట్టాయి, 3 లక్షల 20 వేలు మిగిలాయి. ఇప్పుడు ఉపాధ్యాయుడు రిటైరయ్యాడు. ఆయన జీపీఎఫ్‌లో 12 లక్షలు ఉన్నాయి. అది ఖజానా నుంచి కదలనంతవరకు డిక్రీదారు ఏమీ చేయలేడు. బిల్లు పాసై సొమ్ము సేవింగ్స్ ఖాతాలో పడిన మర్నాడే డిక్రీదారు అమలు పిటిషన్ వేసి, బ్యాంకుకు నోటీసు పంపిస్తాడు. ఖాతా ఆగిపోతుంది. ముప్పై ఏళ్లు ఎవరూ ముట్టలేని డబ్బు ఒక్క పూటలో మామూలు డబ్బు అయిపోయిందని డిక్రీదారు వాదన.

ఈ వాదన ఒప్పుకుంటే 1925 నుంచి చట్టం చేసిందంతా కాపలాతో సరిపోయినట్టే. ఉద్యోగంలో ఉన్నప్పుడు, అంటే జీతం వస్తూ అవసరం తక్కువగా ఉన్నప్పుడు సొమ్మును కాపాడి, జీతం ఆగిపోయి దానిమీదే బతకాల్సిన రోజున వదిలేసినట్టు అవుతుంది. ఫండు ఏర్పాటు చేసిన ఉద్దేశానికి ఇది సరిగ్గా ఎదురు. సుప్రీంకోర్టు 2008 నవంబరులో ఇచ్చిన ఒక తీర్పు ఈ చిక్కును కొంతవరకు విప్పింది. ఒక మెటడార్ బండి మీద ఇచ్చిన బ్యాంకు అప్పు తాలూకు డిక్రీ అది. రిటైరైన వ్యక్తి తన పింఛను, గ్రాట్యుటీ సొమ్మును అదే బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసుకున్నాడు. బాకీలో కొంత ఆ డిపాజిట్ల నుంచి రాబట్టుకోవచ్చని హైకోర్టు అంది. అది తప్పని సుప్రీంకోర్టు కొట్టివేసింది. డిపాజిట్‌గా మారినంత మాత్రాన ఆ సొమ్ముకు రక్షణ పోదని, జ్యోతి చిట్ ఫండ్ కేసు గీసిన హద్దు తర్వాతి తీర్పులతో బాగా పలచబడిందని చెప్పింది. మన ఉపాధ్యాయుడు ఈ తీర్పు పట్టుకుని అమలు కోర్టులోనే అభ్యంతరం వేయవచ్చు. అయితే ఆ తీర్పులోని డబ్బు పింఛను, గ్రాట్యుటీలది. ప్రావిడెంట్ ఫండుకూ అదే సూత్రం వర్తిస్తుందని ఆయన వాదించి ఒప్పించాలి. ఖాతాలో ఉన్నది ఆ డబ్బేనని రుజువు చేయాలి. శాంక్షన్ ఉత్తర్వు, పాస్‌బుక్కులో ఆ మొత్తం జమ అయిన పద్దు ఉండి, అందులో వేరే డబ్బు కలవకపోతే పని సులువు. కూతురు పంపిన సొమ్ము, ఇంటి అద్దె, పొలం కౌలు అన్నీ అదే ఖాతాలో కలిసిపోతే ఏది ఫండు డబ్బో విడదీయడం కష్టం.

చోటు కాదు, అవసరమే ముఖ్యమన్నదానికి చట్టంలోనే ఇంకో సాక్ష్యం ఉంది. తొలి రోజుల్లో రక్షణకు ఆధారం నిర్బంధమే. ఉద్యోగి ఇష్టంతో పనిలేకుండా కోసిన డబ్బు కాబట్టి అప్పులవాడికి చెందదన్నారు. 1968లో పీపీఎఫ్ వచ్చేసరికి అది నిలబడలేదు. పీపీఎఫ్‌లో ఎవరి బలవంతమూ లేదు. అయినా దానికీ జప్తు నుంచి మినహాయింపు ఇచ్చారు. 1976 సవరణతో 60వ సెక్షన్‌లో పీపీఎఫ్‌నూ, జీవిత బీమా పాలసీ సొమ్మునూ చేర్చారు. ప్రభుత్వమే కాక ఏ యజమాని ఇచ్చే పింఛనుకైనా రక్షణ ఉండేలా మాట మార్చారు. డిక్రీ బాకీకి సివిల్ జైలుకు పంపే 51వ సెక్షన్‌లోనూ ఇదే దృష్టి ఉంది. కట్టగల స్థోమత ఉండీ ఎగ్గొడుతున్నాడా అని లెక్క వేసేటప్పుడు, జప్తు కాని ఆస్తిని ఆ లెక్కలో చేర్చకూడదు. ఫండులో 12 లక్షలు ఉన్నాయి కదా, తీసి కట్టకపోతే జైలుకు పంపండి అని డిక్రీదారు అడగలేడు.

అప్పు ఇచ్చినవాడి గోడు ఎవరు వింటారన్నది దీనికి ఎదురయ్యే మొదటి అభ్యంతరం, బలమైనది కూడా. అప్పిచ్చినవాళ్లంతా బ్యాంకులు, చిట్టీల కంపెనీలు కారు. ప్రామిసరీ నోటు మీద తాను దాచుకున్న సొమ్మును చేబదులిచ్చిన వితంతువూ అప్పులవాళ్లలో ఉంటుంది. ఆమె వృద్ధాప్యం మాత్రం వృద్ధాప్యం కాదా? దీనికి పూర్తి సమాధానం లేదని ఒప్పుకోవాలి. కానీ ఈ రక్షణ దాచిన రహస్యం కాదు, నూరేళ్లుగా చట్టంలో ఉన్నదే. జీతంలో భాగం, ఇల్లు, పొలం, బంగారం, మామూలు డిపాజిట్లు ఆమెకు అందుబాటులోనే ఉన్నాయి. బాకీదారుడి ఫండు కూడా ఊడ్చేస్తే ఆమెకు కొంత ముడుతుంది నిజమే, కానీ ఆమెకన్నా ముందు డిక్రీ తెచ్చుకుని జప్తుకు చేరేది లాయరు సిద్ధంగా ఉన్న సంస్థే.

మోసగాళ్లు ఆస్తినంతా ఫండులోకి మళ్లించి చేతులెత్తేస్తారన్నది రెండో అభ్యంతరం. ఆ దారి అంత వెడల్పుగా లేదు. ఈపీఎఫ్ కోత మామూలుగా వేతనంలో 12 శాతం. పీపీఎఫ్‌లో ఏడాదికి లక్షన్నరకు మించి వేయడం కుదరదు. కోటి రూపాయలు దాచుకోదలచినవాడు ఈ దారి పట్టడు, ఆస్తులు బంధువుల పేరున రాస్తాడు. దాన్ని పట్టుకోవడానికి దివాలా చట్టంలో వేరే సెక్షన్లు ఉన్నాయి.

చేతికి వచ్చిన డబ్బుకు కూడా రక్షణ ఇస్తే దానికి అంతెక్కడన్నది మూడో ప్రశ్న. ఇక్కడ అమెరికా అనుభవం పనికొస్తుంది. అక్కడ స్థిరపడ్డ మనవాళ్లలో చాలామందికి 401(కె), ఐఆర్‌ఏ ఖాతాలు ఉన్నాయి. దివాలా తీసినా పదవీ విరమణ నిధులు చాలావరకు అప్పులవాళ్లకు చిక్కవు. కానీ తల్లి నుంచి వారసత్వంగా వచ్చిన ఐఆర్‌ఏకు ఆ రక్షణ లేదని 2014లో ఆ దేశ సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. వారసురాలు అందులో కొత్తగా డబ్బు వేయలేదు, తన రిటైర్మెంటు ఎంత దూరంలో ఉన్నా తీయక తప్పదు, కోరితే మొత్తం ఏ రోజైనా జరిమానా లేకుండా తీసేసుకోవచ్చు. అలాంటి డబ్బు ఆమె వృద్ధాప్యానికి కేటాయించినది కాదని కోర్టు తేల్చింది. అవసరాన్ని కొలతగా పెట్టుకుంటే రక్షణ హద్దు లేకుండా పెరగదు, అవసరం లేనిచోట అదే కొలత దాన్ని ఆపుతుంది.

మన చట్టంలో లోటు ఇక్కడే. 2008 తీర్పు ఉన్నా, రిటైరైన ప్రతి మనిషీ ఖాతా ఆగిపోయాక లాయరును పెట్టుకుని దాన్ని కోర్టుకు గుర్తు చేయాల్సి వస్తోంది. పదవీ విరమణ సొమ్మును జమ చేసుకున్న ప్రత్యేక ఖాతాకు, దానితో చేసిన డిపాజిట్‌కు, ఆ మేరకు జప్తు వర్తించదని పార్లమెంటు 60వ సెక్షన్‌లోనే ఒక వాక్యం చేర్చాలి. అది జరిగేదాకా, బాకీలున్న ఉద్యోగులు ఫండు సొమ్మును వేరే డబ్బు కలవని కొత్త ఖాతాలోకి, అప్పు లేని బ్యాంకులోకి తీసుకోండి. శాంక్షన్ ఉత్తర్వు కాగితాన్ని భద్రం చేసుకోండి. జప్తు నోటీసు వస్తే గడువులోపు అమలు కోర్టులో అభ్యంతరం దాఖలు చేయండి.