‘అర్ధసైనికం’ అనే మాట వెనుక: సరిహద్దు, తీర రక్షక దళాల పుట్టుక – ఒక పరిశీలన

తెలుగు పత్రికల్లో ‘అర్ధసైనిక దళాలు’, ‘పారామిలిటరీ బలగాలు’, ‘కేంద్ర బలగాలు’ అనే మూడు మాటలూ పర్యాయపదాలుగా వాడుకలో ఉన్నాయి. మొదటి మాట వినగానే ఇవి సగం సైన్యమని, అంటే తక్కువ ఆయుధాలూ తక్కువ శిక్షణా కలిగిన సైన్యమని స్ఫురిస్తుంది. కానీ సరిహద్దు భద్రతా దళానికీ సైన్యానికీ, తీర రక్షక దళానికీ నౌకాదళానికీ మధ్య ఉన్నది పరిమాణ భేదం కాదు, స్వభావ భేదం. ఆ భేదం ఎలా ఏర్పడిందో రెండు దళాల చరిత్ర ఆధారంగా చూపి, అది స్పష్టంగా లేకపోవడం వల్ల వచ్చిన ఒక వివాదాన్ని చర్చించడం ఈ వ్యాస లక్ష్యం.

1965కు ముందు పాకిస్థాన్ సరిహద్దులో కాపలా ఆయా రాష్ట్రాల సాయుధ పోలీసుల బాధ్యతగా ఉండేది. వారికి తోడుగా అక్కడక్కడ కేంద్ర రిజర్వు పోలీసులు ఉండేవారు. 1965 ఏప్రిల్ 9 తెల్లవారుజామున కచ్ రణ్‌లోని సర్దార్ పోస్టుపై పాకిస్థాన్ బ్రిగేడు ఒకటి దాడి చేసింది. ఆ ఠాణాను కాపాడుతున్నవారు కేంద్ర రిజర్వు పోలీసు రెండవ బెటాలియన్‌కు చెందిన కొద్ది మంది. గంటల తరబడి వారు నిలబడి పోరాడారు. ఏప్రిల్ 9ని ఆ దళం నేటికీ శౌర్య దినంగా జరుపుకొంటున్నది.

శౌర్యం మాట అలా ఉంచితే, ఆ ఘటన పాలకుల ముందు ఒక చిక్కు ప్రశ్న నిలిపింది. రాష్ట్రానికొక అధికారి, రాష్ట్రానికొక పద్ధతి ఉన్న పోలీసు వ్యవస్థ పరాయి సైన్యాన్ని ఎదుర్కోలేదు. అలాగని శాంతికాలంలో సరిహద్దు పొడవునా సైన్యాన్ని నిలిపితే పొరుగుదేశం దానిని యుద్ధ సన్నాహంగా భావిస్తుంది. పైగా సరిహద్దులో నిత్యం ఎదురయ్యేది శత్రు సేన కాదు. దొంగ రవాణా, పశువుల అపహరణ, అనుమతి లేని రాకపోకలు. ఇవి నేరాలు. నేరాన్ని పట్టుకొనే అధికారం, అవసరమైతే యుద్ధంలో నిలిచే సామర్థ్యం రెండూ ఉన్న ఒకే కేంద్ర దళం కావాలన్న ఆలోచనకు ఫలితంగా 1965 డిసెంబరు 1న సరిహద్దు భద్రతా దళం ఏర్పడింది. దాని తొలి అధిపతి కె.ఎఫ్. రుస్తుంజీ. ఆయన సైనికాధికారి కాదు, పోలీసు అధికారి. దళం రక్షణ శాఖ కింద కాక హోం శాఖ కింద ఏర్పడింది.

1968 నాటి చట్టం ఈ ద్వంద్వ స్వభావాన్ని స్పష్టం చేస్తుంది. ఒకవైపు సైన్యంలో వలె ఈ దళానికి సొంత న్యాయస్థానాలు ఉన్నాయి. విధిని విడిచి పారిపోయినవాడిని అవే విచారిస్తాయి. మరోవైపు 139వ సెక్షన్ ప్రకారం కేంద్రం నిర్దేశించిన పరిధిలో సోదా, స్వాధీనం, అరెస్టు చేసే అధికారాలు దళ సభ్యులకు సంక్రమిస్తాయి. సైనికుడికి సాధారణ పరిస్థితుల్లో పౌరుడిపై ఇటువంటి అధికారం లేదు. పౌర యంత్రాంగం కోరినప్పుడు, లేదా ప్రత్యేక చట్టం అమల్లో ఉన్నచోట మాత్రమే అతడు ఆ పని చేయగలడు.

అయితే సరిహద్దు దళం అధికారానికి ఒక గట్టి హద్దు ఉంది. పట్టుకొన్న మనిషిని స్థానిక పోలీసులకు, పట్టుకొన్న సరుకును కస్టమ్స్ వంటి సంబంధిత శాఖకు అప్పగించాలి. కేసు నమోదు, దర్యాప్తు ఆ దళం పనులు కావు. 2021 అక్టోబరులో పంజాబ్, పశ్చిమ బెంగాల్, అస్సాంలలో ఈ పరిధిని 15 కిలోమీటర్ల నుంచి 50 కిలోమీటర్లకు పెంచినప్పుడు తలెత్తిన వివాదానికి మూలం ఇదే. పోలీసు వ్యవస్థ రాష్ట్ర జాబితాలోని అంశం. సైన్యం ఎక్కడ మోహరించినా రాష్ట్ర పోలీసు అధికారానికి పోటీ రాదు. అరెస్టు అధికారం ఉన్న కేంద్ర దళం పరిధి పెరిగితే ఆ పోటీ వస్తుంది. పంజాబ్ ప్రభుత్వం సుప్రీంకోర్టును ఆశ్రయించడానికి కారణం ఇదే.

సముద్రంలోనూ ఇదే ప్రశ్న మరో రూపంలో ఎదురైంది. 1970వ దశకంలో పశ్చిమ తీరంలో దొంగ రవాణా పెచ్చుమీరింది. యుద్ధానికి నిర్మించిన నౌకలను స్మగ్లర్ల పడవల వెంట తిప్పడం ఖర్చుతో కూడినది, నౌకాదళం అసలు పనికి ఆటంకం. 1974లో ఈ సమస్యపై ఏర్పడిన సంఘానికి అధ్యక్షుడు మళ్లీ రుస్తుంజీయే. 1976లో సముద్ర మండలాల చట్టం 200 నాటికల్ మైళ్ల ఆర్థిక మండలాన్ని నిర్దేశించడంతో అక్రమ చేపలవేట, చమురు కాలుష్యం కూడా కాపలా పరిధిలోకి వచ్చాయి. 1977 ఫిబ్రవరి 1న నౌకాదళం ఇచ్చిన రెండు చిన్న ఫ్రిగేట్లు, ఐదు గస్తీ పడవలతో తీర రక్షక దళం మొదలైంది. 1978లో దానికి చట్టం వచ్చింది. ఇది మాత్రం హోం శాఖ కింద కాక రక్షణ శాఖ కిందనే ఉండిపోయింది. కాబట్టి ఒక దళం ఏ మంత్రిత్వ శాఖలో ఉందన్నది దాని స్వభావానికి చాలిన గీటురాయి కాదు.

ఈ భేదం తెలుగువారి బతుకులను తాకిన సందర్భం ఒకటుంది. గుజరాత్ తీరంలో పడవలపై కూలికి వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులను 2018 నవంబరులో పాకిస్థాన్ సముద్ర భద్రతా సంస్థ అదుపులోకి తీసుకొంది. అది ఆ దేశపు తీర రక్షక దళం వంటిది. వారిని యుద్ధఖైదీలుగా కాక, జలసరిహద్దు దాటిన నేరస్థులుగా జైలులో ఉంచారు. 2020 జనవరిలో వారిలో 20 మంది వాఘా మీదుగా తిరిగివచ్చారు. అదుపులోకి తీసుకొన్నది పోలీసు స్వభావం గల సంస్థ కావడం వల్ల ఆ ఘటన రెండు సైన్యాల ఘర్షణగా మారలేదు. అయితే వారి విడుదల న్యాయ, దౌత్య ప్రక్రియల నడుమ ఏడాదికి పైగా చిక్కుకుపోయింది. ఈ ఏర్పాటులో మేలూ కీడూ రెండూ ఉన్నాయి.

ఇక పేరుకు సంబంధించిన వివాదం. రాజ్యాంగం ఏడవ షెడ్యూలు, కేంద్ర జాబితాలోని రెండవ అంశం ముందు నౌకా, సైనిక, వైమానిక దళాలను పేర్కొని, తరువాత ‘కేంద్రానికి చెందిన ఇతర సాయుధ దళాలు’ అంటుంది. ‘సాయుధ దళం’ అనే పెద్ద తరగతిలో రెండు వర్గాలూ చేరాయి. ‘ఇతర’ అనే మాటతో అవి విడివడ్డాయి. 2011లో హోం శాఖ ‘పారామిలిటరీ’ మాటను విడిచి తన దళాలకు ‘కేంద్ర సాయుధ పోలీసు దళాలు’ అనే పేరును స్థిరపరచింది. సాయుధం, పోలీసు అనే రెండు మాటలూ అందులో పక్కపక్కనే నిలిచాయి.

2004 జనవరి 1 నుంచి కేంద్ర ఉద్యోగంలో చేరినవారికి కొత్త పింఛను విధానం వర్తించింది. ‘సాయుధ దళాల’కు మినహాయింపు లభించింది. ఆ మాటకు అర్థం త్రివిధ దళాలేనని ప్రభుత్వం, తామూ చట్టరీత్యా సాయుధ దళాలమేనని జవాన్లు వాదించారు. 2023 జనవరిలో ఢిల్లీ హైకోర్టు జవాన్ల పక్షాన తీర్పు ఇచ్చింది. అదే ఏడాది సుప్రీంకోర్టు దాని అమలును నిలిపివేసింది. రక్షణ శాఖ కిందనే ఉన్నా, కొత్తగా చేరిన తీర రక్షక సిబ్బందికి సైతం కొత్త విధానమే వర్తించడం ఇక్కడ గమనార్హం.

ఈ వాదంలో ఇరుపక్షాలూ ఒకే మాటను రెండు అర్థాల్లో వాడుతున్నాయి. దళం ఏ పని చేస్తుందన్నది ఒక అర్థానికి ఆధారం. ఆ దృష్టితో చూస్తే ఇది సైన్యం కాదు. శాంతికాలంలో చట్టాన్ని అమలుచేసే సంస్థ. దళ సభ్యుడు ఏ శాసనానికి, ఏ ప్రమాదానికి కట్టుబడి ఉన్నాడన్నది రెండవ అర్థానికి ఆధారం. ఆ దృష్టితో చూస్తే అతడు సొంత న్యాయస్థానం గల సాయుధ దళ సభ్యుడే. సర్దార్ పోస్టులో నిలిచినవారు హోదాను బట్టి పోలీసులు. ఆనాడు వారు చేసిన పని సైనికుడిది. ‘అర్ధసైనికం’ అనే మాట ఈ రెండు అర్థాలనూ కలిపేసి, భేదాన్ని సగం–పూర్ణం అనే కొలతకు కుదిస్తున్నది. కనుక పరిశోధనా రచనల్లో దానిని విడిచి, ‘సరిహద్దు దళం’, ‘తీర రక్షక దళం’, ‘సాయుధ పోలీసు’ అని పనిని బట్టి పేర్కొనడం సమంజసం.