ఇంటర్ రెండో ఏడాదిలో ఎన్ని మార్కులు రావాలి? సగటు లెక్కలో జరిగే పొరపాటు

ఇంటర్మీడియట్ ఎంపీసీ గ్రూపులో ఒక విద్యార్థికి మొదటి ఏడాది 470 మార్కులకు 400 వచ్చాయనుకుందాం. అంటే 85 శాతానికి కాస్త పైనే. రెండేళ్లు కలిపి 75 శాతం తెచ్చుకుని ఏ గ్రేడు సాధించాలన్నది ఆ విద్యార్థి లక్ష్యం. ఇలాంటప్పుడు చాలా ఇళ్లలో ఒకే లెక్క వేస్తారు. సగటు 75 కావాలంటే రెండేళ్ల శాతాల మొత్తం 150 ఉండాలి. అందులో 85 పోతే మిగిలేది 65. కాబట్టి రెండో ఏడాది 65 శాతం తెచ్చుకుంటే చాలునని నిశ్చింతగా ఉంటారు. దశాంశాలతో సహా లెక్కిస్తే అది 64.9 శాతం. రెండో ఏడాది 530 మార్కులకు 344 అన్నమాట. ఆ విద్యార్థి సరిగ్గా 344 తెచ్చుకుంటాడు. తీరా ఫలితాలు వచ్చాక మొత్తం 744 అవుతుంది. ఏ గ్రేడుకు కావలసింది 750. ఆరు మార్కుల తేడాతో మెమోలో బి గ్రేడు వస్తుంది.

కూడికలో తప్పు లేదు, తీసివేతలోనూ లేదు. రెండేళ్ల శాతాలను సమానంగా చూడటంలోనే పొరపాటు ఉంది. తెలుగు రాష్ట్రాల ఇంటర్ బోర్డుల్లో చాలాకాలంగా తెలిసిన పద్ధతిలో ఎంపీసీ మొదటి ఏడాదికి 470 మార్కులు, రెండో ఏడాదికి 530 మార్కులు. ఇంగ్లీషు 100, రెండో భాష 100, గణితం రెండు పత్రాలు 75 చొప్పున, భౌతిక, రసాయన శాస్త్రాలు 60 చొప్పున రెండేళ్లలోనూ ఉంటాయి. రెండో ఏడాదిలో వీటికి తోడు భౌతిక, రసాయన శాస్త్రాల ప్రాక్టికల్స్ 30 చొప్పున 60 మార్కులకు జరుగుతాయి. అందువల్ల రెండో ఏడాది శాతానికి బరువు ఎక్కువ. మొదటి ఏడాది ఒక శాతం అంటే 4.7 మార్కులు, రెండో ఏడాది ఒక శాతం అంటే 5.3 మార్కులు.

సరైన లెక్క నిజానికి మరింత సులువు. శాతాలను పక్కన పెట్టి మార్కులతోనే లెక్కించాలి. లక్ష్యం 1000కి 750. చేతికి వచ్చినవి 400. మిగిలినవి 350. రెండో ఏడాది 530కి 350 రావాలి, అంటే 66 శాతం. శాతం కావాలనుకుంటే ఈ చివరి మెట్టులోనే కట్టుకోవాలి, అంతకు ముందు కాదు.

ఈ పొరపాటు ఇంతకాలం నిలిచి ఉండటానికి ఒక కారణం ఉంది. సీఈసీ విద్యార్థులకు రెండేళ్లూ 500 మార్కుల చొప్పునే ఉంటాయి కనుక, సగం సగం లెక్క వారికి ఎప్పుడూ సరిపోతుంది. అన్న సీఈసీ చదివిన ఇంట్లో చెల్లెలు బైపీసీలో చేరినప్పుడు అదే లెక్క ఆమెకూ చెబుతారు. కానీ బైపీసీలో మొదటి ఏడాది 440, రెండో ఏడాది 560. నాలుగు సైన్సు సబ్జెక్టులకూ ప్రాక్టికల్స్ ఉండటమే ఆ తేడాకు మూలం. మొదటి ఏడాది 85 శాతం, అంటే 374 మార్కులు వచ్చిన బైపీసీ విద్యార్థిని మిగతా 65 శాతంతో సరిపెట్టుకుంటే వచ్చేవి 364, మొత్తం 738. ఇక్కడ లోటు పన్నెండు మార్కులు.

ఈ తేడా ఎటు మొగ్గుతుందో కూడా గమనించాలి. మొదటి ఏడాది లక్ష్యం కంటే ఎక్కువ తెచ్చుకున్నవారికి సగం సగం లెక్క తక్కువ చూపి మోసం చేస్తుంది. తక్కువ తెచ్చుకున్నవారికి అవసరమైన దానికంటే ఎక్కువ చూపి భయపెడుతుంది. రెండోది నష్టం కలిగించదు కానీ, నిజానికి అందుబాటులో ఉన్న గ్రేడును చేజారిందనుకుని వదులుకునేవారూ ఉంటారు.

అలాంటి ఒక ఉదాహరణను పూర్తిగా చూద్దాం. మరో ఎంపీసీ విద్యార్థినికి మొదటి ఏడాది ఇంగ్లీషులో 78, సంస్కృతంలో 92, గణితం రెండు పత్రాల్లో 48, 44, భౌతికశాస్త్రంలో 33, రసాయనశాస్త్రంలో 39 మార్కులు వచ్చాయనుకుందాం. మొత్తం 334, అంటే 71 శాతం. ఏ గ్రేడుకు రెండో ఏడాది 416 రావాలి. శాతంలో చెబితే 78.5. మొదటి ఏడాది కంటే ఏడున్నర శాతం ఎక్కువ తెచ్చుకోవాలనగానే ఎవరికైనా గుండె జారుతుంది. కానీ ఆ 78.5 శాతం అన్ని పత్రాల్లోనూ రావలసిన పనిలేదు.

ముందుగా ప్రాక్టికల్స్‌ను విడదీయాలి. ఇవి సాధారణంగా రాతపరీక్షలకు ముందే ముగుస్తాయి. మార్కులు మాత్రం తుది ఫలితాలతోనే అధికారికంగా తెలుస్తాయి కనుక ఒక అంచనా వేసుకోక తప్పదు. రికార్డు సరిగ్గా రాసి, ప్రయోగం పూర్తిచేసి, వైవాలో జవాబులు చెప్పిన విద్యార్థిని 60కి 55 ఆశించిందనుకుందాం. అప్పుడు రాతపరీక్షల్లో రావలసినవి 361. తర్వాత భాషలు. గత ఏడాది తీరు చూస్తే ఇంగ్లీషులో 80, సంస్కృతంలో 94 అత్యాశ కాదు. ఈ 174 తీసివేస్తే గణితం రెండు పత్రాలు, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం కలిపి 270 మార్కులకు 187 రావాలి. అంటే 69 శాతం. ఇవే నాలుగు పత్రాల్లో మొదటి ఏడాది ఆమెకు వచ్చినవి 164. అసలు పని ఇప్పుడు తేలింది: నాలుగు పత్రాల్లో కలిపి 23 మార్కులు పెంచుకోవడం. గణితం పత్రాల్లో ఏడేసి, భౌతికశాస్త్రంలో ఆరు, రసాయనశాస్త్రంలో మూడు పెరిగినా సరిపోతుంది. 78.5 శాతం అన్న అంకె చూపిన కొండ కంటే ఇది చాలా చిన్న మెట్ట.

అయితే 55 అనేది అంచనా మాత్రమేనని మరచిపోరాదు. ప్రాక్టికల్స్‌లో 48 మాత్రమే వస్తే ఆ ఏడు మార్కులూ రాతపరీక్షల మీద పడతాయి; పెంచుకోవలసిన 23 కాస్తా 30 అవుతుంది. అందుకే ఈ లెక్కను ఒకసారి ఆశించిన మార్కులతో, మరొకసారి తప్పక వస్తాయనుకున్న కనీస మార్కులతో వేసుకోవడం మంచిది. చదువు ప్రణాళికను రెండో అంకె ప్రకారం వేసుకున్నవారికి ఫలితాల రోజున ఆందోళన తక్కువ.

మొత్తం మార్కుల లెక్క ఎంత చక్కగా కుదిరినా అది ఒక షరతుకు లోబడే ఉంటుంది. ఇంటర్‌లో ప్రతి సబ్జెక్టులోనూ 35 శాతం రావాలి. సంస్కృతంలో 98 తెచ్చుకుని భౌతికశాస్త్రంలో 60కి 18 వస్తే, మొత్తం 750 దాటినా ఉత్తీర్ణత ఉండదు. భాషల్లో మార్కులు కూడబెట్టి సైన్సులో లోటు పూడ్చుకోవాలనుకునేవారు ఈ గీతను దృష్టిలో ఉంచుకోవాలి.

రెండో ఏడాది కావలసిన మార్కులు అందనంత ఎత్తున కనిపిస్తే, మొదటి ఏడాది మార్కులనే పెంచుకునే దారి ఒకటి ఉంది. మొదటి ఏడాది ఉత్తీర్ణులైనవారు వేసవిలో జరిగే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలతో పాటు ఇంప్రూవ్‌మెంట్ రాయవచ్చు. రెండింటిలో ఎక్కువ వచ్చిన మార్కులనే లెక్కలోకి తీసుకుంటారు. పై ఉదాహరణలోని విద్యార్థిని గణితం రెండో పత్రంలో 44ను 58 చేసుకుంటే మొదటి ఏడాది మొత్తం 348 అవుతుంది. రెండో ఏడాది కావలసినవి 416 నుంచి 402కు దిగుతాయి. శాతాలకు బరువుల తేడా ఉంది కానీ మార్కుకు లేదు. ఏ ఏడాది తెచ్చుకున్నా ఒక మార్కు ఒక మార్కే.

ఈ అంకెలన్నీ పైన చెప్పిన 470, 530 విభజనకు సంబంధించినవి. ఆంధ్రప్రదేశ్‌లో ఇటీవల పత్రాల విభజనలో మార్పులు వచ్చాయి కనుక, ఏ విద్యార్థి అయినా తన బ్యాచ్‌కు వర్తించే గరిష్ఠ మార్కులను చూసుకుని వాటినే ఈ లెక్కలో వేసుకోవాలి. 75 శాతం అనే మాట కూడా అన్నిచోట్లా ఒకే అర్థమివ్వదు. జేఈఈ ద్వారా ఎన్‌ఐటీల్లో ప్రవేశానికి 75 శాతం, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 65 శాతం అనే నిబంధన 12వ తరగతి పరీక్షకు సంబంధించినది. బోర్డులో అగ్రశ్రేణి 20 పర్సంటైల్‌లో ఉన్నవారికి ఆ శాతం లేకపోయినా అర్హత ఉంటుంది. ఇంటర్ గ్రేడేమో రెండేళ్ల 1000 మార్కుల మీద ఆధారపడింది. ఏ గ్రేడు వచ్చినంత మాత్రాన ఆ నిబంధన తీరిపోయిందని అనుకోకుండా, ఏయే మార్కులను లెక్కిస్తారో ఆ ఏటి ప్రవేశ సమాచారంలో చూసుకోవాలి.

ఇంజినీరింగులో చేరాక ఇదే లెక్క మరో రూపంలో ఎదురవుతుంది. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22 నిబంధనల్లో ప్రతి థియరీ సబ్జెక్టుకు అంతర్గత మార్కులు 40, సెమిస్టర్ చివరి పరీక్షకు 60. అంతర్గతంలో 31 వచ్చిన విద్యార్థికి మొత్తం 70 కావాలంటే చివరి పరీక్షలో 60కి 39 రావాలి. ఇక్కడ 39 శాతం సరిపోతుందనుకోవడం తరచూ జరిగే పొరపాటు; 60కి 39 అంటే 65 శాతం. ఉత్తీర్ణత మాత్రమే లక్ష్యమైతే మరో చిక్కు ఉంది. అంతర్గతంలో 24 వచ్చినవారికి మొత్తం 40 చేరడానికి 16 చాలు. కానీ చివరి పరీక్షలో విడిగా 35 శాతం, అంటే 21 మార్కులు తప్పనిసరి. తీసివేతలో వచ్చిన 16, నిబంధన అడిగే 21 — ఈ రెండింటిలో పెద్దదే ఆ విద్యార్థికి నిజంగా కావలసిన అంకె.